బొమ్మ ముచ్చటగా ఉంటే చాలదు, తట్ట ఎవరిదో తెలియాలి

పోస్టు పెద్దదే, ఓపిగ్గా చదవండి.

పోయిన నెల మన గ్రూపులో ఒక అన్న అడిగాడు. "మన వాళ్ల వస్తువుల ఫొటోల్ని బొమ్మల్లాగా మార్చి క్యాటలాగ్ పెడుతున్నారు కొందరు. అది మోసం కాదా? ఉన్నది ఉన్నట్టు ఫొటో పెడితే సరిపోదా?" అని. కింద నలభై మంది దాకా వాదించుకున్నారు. సగం మంది "ఫొటోనే పెట్టాలి" అన్నారు, సగం మంది "బొమ్మైతేనే ఎవడైనా చూస్తాడు" అన్నారు. నేను ఆ రోజు ఏమీ రాయలేదు. ఎందుకంటే ఆ పని సరిగ్గా అప్పుడే చేస్తున్నాను, రెండు తప్పులు కూడా చేసి ఉన్నాను. ఇప్పుడు పని అయిపోయింది కాబట్టి నా అభిప్రాయం చెబుతా.

మాది మార్టూరు దగ్గర. హైవే మీద వెళ్లేవాళ్లకి మా ఊరంటే గ్రానైట్ పాలిషింగ్ యూనిట్లే కనపడతాయి. లోపలికొస్తే పత్తి, మిరప. మా అమ్మ తట్టలు అల్లుతుంది. మిరపకోతలప్పుడు తట్టలకి గిరాకీ, మిగతా రోజుల్లో ఎవరైనా అడిగితే చేట, బుట్ట. మా ఇంట్లో కాలేజీ మెట్టెక్కింది నేనే మొదట. మాకు వరసకి బాబాయి అయ్యే ఆయనకి రోడ్డు పక్కన చిన్న కొట్టుంది. తట్టలు, చేటలు, ఈత చాపలు, చీపుర్లు, ఎండుమిర్చి, కారం, చింతపండు, అన్నీ కలిపి ముప్పై నాలుగు రకాలు. వాట్సాప్ బిజినెస్‌లో క్యాటలాగ్ పెట్టాలని ఆయన కోరిక. "అమ్మాయ్, నువ్వు కంప్యూటర్ చదువుతున్నావు కదా, చూడు" అన్నాడు. అంతే, నా మెడకి పడింది.

ముందున్న ఫొటోలు చూస్తే నవ్వొచ్చింది, తర్వాత బాధేసింది. ఒక తట్ట ఎర్రమట్టి మీద ఎండలో ఉంది. ఇంకోటి ట్యూబులైటు కింద నీలంగా ఉంది. చీపురు ఫొటోలో వెనక బైకు చక్రం. మిర్చి ఫొటోలో బాబాయి కాలి బొటనవేలు. ముప్పై నాలుగూ ఒకే కొట్టువని ఎవరూ నమ్మరు. జీసీసీ తేనె సీసా ఎక్కడ కనపడినా లేబుల్ చూసి గుర్తుపడతాం. మన తట్టకి లేబుల్ ఉండదు కదా. అందుకని ఆ లేబుల్ చేసే పని ఫొటోనే చెయ్యాలి. ఇక్కడే బొమ్మలాంటి రూపం పనికొస్తుంది. వెనక ఉన్న గోడ, మట్టి, లైటు తేడా అంతా తీసేసి, అన్ని వస్తువులకీ ఒకే గీత, ఒకే రంగులు ఇస్తుంది. సంతకం లేకపోయినా బాపు బొమ్మని మనం గుర్తుపడతాం, ఆ గీత అలాంటిది. చిన్న కొట్టుకి కావాల్సింది కూడా ఆ గుర్తే.

కాబట్టి నేను బొమ్మ వద్దనే వాళ్ల వైపు లేను. కానీ "ఫిల్టర్ వేసి పెట్టెయ్" అనే వాళ్ల వైపు కూడా లేను. ఎందుకో చెబుతా.

మొదట నేను చేసింది కూడా అదే. ఫోన్లో ఒక ఫిల్టర్ యాప్ దింపి, కార్టూన్ అని ఉన్నది అన్నిటికీ నొక్కాను. ఒక్కొక్కటీ చూస్తే బాగానే ఉంది. అన్నీ పక్కపక్కన పెడితే మళ్లీ మొదటికే వచ్చింది. ఒక చాట పసుపు, ఇంకో చాట బూడిద రంగు. ఒకచోట గీత లావు, ఇంకోచోట వెంట్రుకలాగా సన్నం. ఒకే ఫిల్టర్ కదా, ఎందుకిలా అని చాలా రోజులు అర్థం కాలేదు. ఫిల్టర్ ఒకటే అయినా అది ఏ ఫొటోకి ఆ ఫొటోనే చూసి రంగులు ఎంచుకుంటోంది. ఎర్రమట్టి ఎక్కువున్న ఫొటోలో రంగులన్నీ ఎరుపు వైపుకి పోయాయి. ట్యూబులైటు ఫొటోలో నీలం వైపుకి పోయాయి. పైగా ఫొటో సైజులు వేరువేరుగా ఉన్నాయి. పెద్ద ఫొటో మీద వేసిన గీత తర్వాత కుదిస్తే సన్నమైపోతుంది, చిన్న ఫొటో మీద వేసింది లావుగా మిగులుతుంది.

అప్పుడు కాలేజీ ల్యాబులో ఇమేజ్‌మ్యాజిక్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్ పట్టుకున్నాను. దాంట్లో రంగులు తగ్గించడానికి రెండు దారులున్నాయి. `-colors 12` అంటే ఈ ఫొటోకి సరిపోయే పన్నెండు రంగులు నువ్వే ఎంచుకో అని అర్థం. `-remap` అంటే నేనిచ్చిన రంగులే వాడు, ప్రతి చుక్కనీ వాటిలో దగ్గరగా ఉన్న రంగుకి మార్చు అని అర్థం. తేడా చిన్నగా కనపడుతుంది గానీ అసలు విషయమంతా ఇక్కడే ఉంది. పెడన కలంకారీలో అచ్చులు ముందే చెక్కి పెట్టుకుంటారు, రంగుకో అచ్చు. గుడ్డ మారినా అచ్చులు మారవు. అందుకే ఆ గుడ్డలన్నీ ఒక ఇంటివాటిలా కనపడతాయి. మనక్కూడా ముందు రంగులు తేల్చుకోవాలి, తర్వాతే ఫొటోలు.

రంగులు నెట్‌లోంచి తీసుకోలేదు, కొట్టులోంచే తీసుకున్నాను. కాగితం తెలుపు, సిరా నలుపు, మిర్చికి ఎరుపులు, వెదురుకి గోధుమ రంగులు, ఈతాకుకి పచ్చ, చింతపండుకి మట్టిరంగు. ఒక్కో రంగుదీ చిన్న గడి గీసి `rangulu.png` అని ఒక ఫైల్ చేశాను. ఇక ప్రతి ఫొటోకీ ఇవే మూడు లైన్లు:

```
magick tatta.jpg -resize 1200x1200 -kuwahara 3 +dither -remap rangulu.png flat.png
magick tatta.jpg -resize 1200x1200 -colorspace Gray -canny 0x2+10%+30% -negate -morphology Erode Disk:1.5 geeta.png
magick flat.png geeta.png -compose Multiply -composite -quality 90 tatta_bomma.jpg
```

మొదటి లైను ఫొటోని 1200 సైజుకి తెచ్చి, చిన్న చిన్న మచ్చల్ని నున్నగా చేసి, మన రంగుల్లోకి మారుస్తుంది. `+dither` తప్పకుండా ఉండాలి. అది లేకపోతే రెండు రంగుల చుక్కలు కలిపి మూడో రంగులాగా చూపించాలని చూస్తుంది, బొమ్మంతా ఇసక చల్లినట్టు ఉంటుంది. రెండో లైను అంచులు వెతికి నల్లగీతలు గీసి, వాటిని కొంచెం లావు చేస్తుంది. మూడోది రంగుల మీద గీతల్ని పరుస్తుంది. రెండు లైన్లలోనూ సైజు మార్చడం అన్నిటికన్నా ముందు ఉంది చూడండి. సైజు ముందు, గీత తర్వాత. అప్పుడే అన్ని బొమ్మల్లోనూ గీత ఒకే లావు వస్తుంది. ఫొటోని ముందే చదరంగా కత్తిరించి పెట్టుకోవాలి, అంతే.

ఫొటో తీయడం గురించి కూడా ఒక్క మాట. కంప్యూటర్ సరిచేస్తుందిలే అనుకుంటే కుదరదు. కిటికీ పక్కన, నేరుగా ఎండ పడనిచోట, తెల్ల డ్రాయింగ్ షీటు గోడ నుంచి కిందికి వంచి దాని మీద వస్తువు పెట్టాలి. ఫోను ఎక్కడ పట్టుకోవాలో నేలమీద సుద్దతో గీత గీసుకోవాలి. తీసిన తర్వాత గింప్‌లో లెవెల్స్ తెరిచి, తెల్ల పాయింట్ ఎంచే గుర్తుతో ఆ షీటు మీద నొక్కితే రంగు సరవుతుంది. ఇది చెయ్యకుండా రంగులు మారిస్తే వెంటనే తెలిసిపోతుంది: తెల్ల కాగితం కాస్తా లేత గోధుమ అవుతుంది. ఎండలో తీస్తే నీడ కూడా ఒక రంగై కూర్చుంటుంది, తట్ట కింద నూనె మరక పడ్డట్టు.

ఇంతవరకూ బాగానే నడిచింది. ముప్పై నాలుగూ రెండు సాయంత్రాల్లో అయిపోయాయి. బాబాయి చూసి "అబ్బో, పెద్ద కంపెనీలాగా ఉందమ్మాయ్" అన్నాడు. నేను ఉబ్బిపోయి సెలవుకి ఇంటికెళ్లి అమ్మకి ఫోన్లో చూపించాను.

అమ్మ ఒక బొమ్మ దగ్గర ఆగింది. "ఇది ఎవరిదే?" అంది.

"నీదేనమ్మా. నువ్వు పోయిన నెల ఇచ్చిన ఈత బరికెల తట్ట."

"నాది కాదు" అంది. "నా అంచు ఇట్టా ఉండదు."

నేను బొమ్మని పెద్దది చేసి చూశాను. అమ్మ చెప్పింది నిజమే. అల్లికలో ఒక్కో పుల్ల ఫొటోలో పది పన్నెండు చుక్కల వెడల్పుంటుంది. గీత గీసే కమాండు ప్రతి పుల్లకీ రెండు పక్కలా అంచు వెతికింది. గీత లావు మూడు చుక్కలు. పుల్లలో సగం గీతకే పోయింది. కొన్నిచోట్ల రెండు పుల్లలు కలిసి ఒకటయ్యాయి, కొన్నిచోట్ల లేని పుల్ల వచ్చింది. అది ఫోన్లో చిన్న బొమ్మగా కనపడినప్పుడు పుల్ల రెండు చుక్కలకి కుదించుకుపోతుంది, అల్లికంతా మురికి మచ్చ. ఆ పక్కనే ఉన్న వెదురు తట్ట కూడా అట్టాగే మచ్చ. రెండూ వేరని చెప్పేదే అల్లిక, అదే పోయింది. ఈత బరికెల తట్ట, వెదురు తట్ట, రెండూ ఒకే బొమ్మ. ధరలు మాత్రం వేరు.

సరే అని `0x2` ని `0x4` చేశాను. ఆ అంకె పెంచితే చిన్న అంచులు వదిలేసి పెద్ద అంచులే పట్టుకుంటుంది. మచ్చ పోయింది. దాంతోపాటు అల్లిక మొత్తం పోయింది. ఇప్పుడది ప్లాస్టిక్ టబ్బులాగా ఉంది. మార్కెట్లో మా అమ్మ తట్టని కొట్టేసింది ప్లాస్టిక్ టబ్బే. నా చేతులతో నేనే తట్టని టబ్బు చేశాను.

ఇక్కడే నాకు అర్థమైంది. ఏ గీత ముఖ్యమో యంత్రానికి తెలియదు. దానికి తెలిసింది ఒక్కటే, వెలుగు ఎక్కడ ఒక్కసారిగా మారుతోందో. మిర్చి ప్యాకెట్ మీద ముడతకి ఎంత విలువో, అమ్మ అంచుకట్టుకీ అంతే విలువ. ఆ తేడా తెలిసిన మనిషి పక్కన కూర్చోవాలి.

అందుకని అల్లిన వస్తువులు తొమ్మిదింటికి పద్ధతి మార్చాను. బయటి ఆకారానికి `0x4` గీత ఉంచాను. తర్వాత గింప్‌లో పైన ఇంకో పొర పెట్టి, అసలు ఫొటో కింద కనపడుతుండగా, అల్లికని రెండుచోట్ల మాత్రం చేత్తో గీశాను: అంచు చుట్టూ, ముందువైపు అరచేయంత చోట. మిగతాది రంగుతో వదిలేశాను. బ్రష్ లావు మిగతా గీతలతో సమానంగా మూడు చుక్కలే. అమ్మ పక్కన కూర్చుని చెప్పింది. "అంచుకి మూడు పుల్లలు తిప్పుతాం, రెండే వేశావు. ఇది కిందనుంచి పైకి పోవాలి." ఒక్కో తట్టకి నలభై నిమిషాలు పట్టింది. మూడు లైన్ల కమాండుకి పట్టింది అర నిమిషం. ఆ నలభై నిమిషాలు దండగని ఎవరైనా అంటే నేను ఒప్పుకోను. చిన్న సైజులో చూసినా ఇప్పుడు ఏది ఈత, ఏది వెదురు అని తెలుస్తోంది. అమ్మ తన తట్ట గుర్తుపట్టింది.

రెండో తప్పు దీనికన్నా పెద్దది. అది మిర్చిది.

మిరప పండించే ఊళ్లవాళ్లకి చెప్పక్కర్లేదు, మిగతావాళ్ల కోసం చెబుతా. కాయ మంచి ఎరుపులో ఉంటే ఒక రేటు. రంగు పోయి తెల్లబారిన కాయని తాలు అంటారు, దాని రేటు బాగా తక్కువ. కల్లంలో ఆడవాళ్లు రోజంతా వంగి కూర్చుని తాలు ఏరేది అందుకే. అంటే మిర్చిలో రంగు అందం కోసం కాదు. రంగే సరుకు.

నేను మొదట చేసిన రంగుల ఫైల్లో ఎరుపులు రెండే పెట్టాను, ఒకటి ముదురు, ఒకటి కాస్త లేత. వెదురు గోధుమలు కూడా అప్పటికి ముదురువే. తాలు కాయ రంగుకి దగ్గరగా ఏ గడీ లేదు. `-remap` ఏం చేస్తుంది? ఉన్నవాటిలో దగ్గరది ఇస్తుంది. తాలు కాయలన్నీ లేత ఎరుపైపోయాయి. పైగా ముందు నున్నగా చేసే మెట్టు చిన్న తెల్లమచ్చల్ని చుట్టూ ఉన్న ఎరుపులో కలిపేసింది. బొమ్మలో కుప్పంతా నిగనిగలాడే మిర్చి. నేను కావాలని చెయ్యలేదు. కానీ బొమ్మ అబద్ధం చెప్పింది.

చిలకలూరిపేట వైపు నుంచి ఒకామె రెండు కిలోలు తెప్పించుకుంది. బాబాయికి ఫోన్ చేసి "బొమ్మలో ఒక్క తాలు లేదు, ప్యాకెట్లో గుప్పెడు ఉందేంటి" అని అడిగింది. బాబాయి అమ్మేది కలగలుపు రకం, ఆ రేటే వేశాడు, మోసం ఏమీ లేదు. మోసం చేసింది నా బొమ్మ. ఆయన డబ్బులు వెనక్కి ఇచ్చాడు, నన్ను ఒక్క మాట కూడా అనలేదు. అనుంటే బాగుండేది.

అప్పుడు రంగుల ఫైలు మార్చాను. ఎరుపులు మూడు చేశాను, తాలు కాయనే తెచ్చి తెల్ల షీటు మీద ఫొటో తీసి, ఆ రంగునే ఒక గడిగా పెట్టాను. మిర్చికి నున్నగా చేసే అంకె 3 నుంచి 1 కి తగ్గించాను. ఇప్పుడు కలగలుపు మిర్చి బొమ్మలో తాలు తాలుగానే కనపడుతుంది. ఫైలు మారింది కాబట్టి ముప్పై నాలుగు బొమ్మల రంగులూ మళ్లీ వేశాను, చేత్తో గీసిన పొరలు అట్టాగే ఉన్నాయి కాబట్టి అది పెద్ద పని కాలేదు. ఒక్క బొమ్మకే కొత్త రంగిచ్చి వదిలేస్తే మళ్లీ రెండు కొట్ల క్యాటలాగ్ అవుతుంది.

ఇప్పుడు ఆ అన్న అడిగినదానికి నా జవాబు. బొమ్మగా మార్చడం మోసం కాదు. కొనేవాడు దేన్ని చూసి ధర ఒప్పుకుంటాడో దాన్ని బొమ్మ చెరిపేస్తే అది మోసం. మిర్చికి అది రంగు. తట్టకి అల్లిక. చీపురుకి కట్ట లావు. ప్రతి వస్తువుకీ ఇలాంటిది ఒకటి ఉంటుంది. అది కంప్యూటర్ చదివినవాళ్లకన్నా చేసినవాళ్లకి, అమ్మేవాళ్లకి బాగా తెలుసు. వాళ్లని అడిగి ముందే రాసుకోవాలి. దాన్ని తప్ప మిగతా అన్నిటినీ, గోడని, నీడని, మట్టిని, బొటనవేలిని, ఎంతైనా మార్చుకోవచ్చు.

ఉత్త ఫొటోనే నిజం అనేవాళ్లకి కూడా ఒక మాట. ట్యూబులైటు కింద తీసిన ఫొటోలో మా అమ్మ తట్ట నీలంగా ఉంది. అది నిజమా? ఫొటో కూడా ఒకచోట నిలబడి, ఒక వెలుగులో చూసిన చూపే. అయినా మీ భయంలో న్యాయం ఉంది కాబట్టి మేము ఇట్టా చేశాం: ఒక్కో వస్తువుకి వాట్సాప్‌లో ఒకటికన్నా ఎక్కువ ఫొటోలు పెట్టుకోవచ్చు కదా. మొదటిది బొమ్మ, రెండోది ఏమీ మార్చని ఫొటో, అదే షీటు మీద తీసింది, పక్కన స్కేలు పెట్టి. బొమ్మ చూసి ఏ కొట్టో తెలుస్తుంది. ఫొటో చూసి సరుకు తెలుస్తుంది. రెండూ పక్కపక్కన ఉంటే బొమ్మ చేసేవాళ్లకి కూడా భయం ఉంటుంది. మిర్చి కొత్త లోడు వచ్చినప్పుడల్లా రెండో ఫొటో మళ్లీ తీస్తున్నాడు బాబాయి, తనే.

ఈ పద్ధతికి పరిమితి లేకపోలేదు. చింతపండు, కారం లాంటివాటికి ఆకారం లేదు, బొమ్మ చేస్తే ముద్దలాగా ఉంటుంది. వాటిని గిన్నెలో పెట్టి తీశాం, గిన్నె అంచు గీతనిస్తుంది. ఈత చాపకి ఇప్పటికీ తృప్తిగా రాలేదు. చాపంటేనే మొత్తం అల్లిక, ఎక్కడ గీయాలి ఎక్కడ వదలాలి అని తేలడం లేదు. ప్రస్తుతానికి దానికి ఫొటోనే ముందు పెట్టాం. క్యాటలాగంతా ఒకేలా ఉండాలని దాన్ని పాడుచేయడం నాకిష్టం లేదు.

మొత్తం పద్ధతి ఒక కాగితం మీద రాసి బాబాయి కొట్లో గల్లాపెట్టె పైన అతికించాను: షీటు ఎక్కడ, సుద్దగీత ఎక్కడ, సైజెంత, ఏ వస్తువుకి ఏ అంకె, ఏది చెరపకూడదు. నేను పరీక్షలప్పుడు హాస్టల్లో ఉంటే ఇంకెవరైనా చెయ్యాలి కదా. ఆ కాగితంలో చివరి లైను అమ్మ చెప్పగా రాసింది: "అల్లినవాళ్లకి చూపించాకే పెట్టాలి."

మీ ఇళ్లల్లో చాపలు అల్లేవాళ్లుంటే ఒక్కటి అడిగి చెప్పండి. చాపని చూడగానే ఇది నాది అని వాళ్లు దేన్నిబట్టి గుర్తుపడతారు? అంచా, మూలా, ముడా? ఆ ఒక్కటి తెలిస్తే అది గీస్తాను.